ఒక్క పగటి తీర్థయాత్ర: ఒక ఖండన

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కుటుంబ తీర్థయాత్ర గురించి ఒక అభిప్రాయం దాదాపు ప్రశ్నించరానిదిగా స్థిరపడిపోయింది. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, రామతీర్థం అనే నాలుగు క్షేత్రాలూ ఒకదానికొకటి చేరువలోనే ఉన్నాయి గనుక, విజయనగరంలో తెల్లవారుజామున బండి ఎక్కితే నాలుగు దర్శనాలూ ముగించుకుని చీకటి పడేసరికి ఇల్లు చేరవచ్చునన్నది ఆ అభిప్రాయం. బాడుగ వాహనాలవారు దీన్ని ప్రచారం చేస్తారు, ఒకసారి చేసి వచ్చిన బంధువులు గొప్పగా చెప్పుకుంటారు, ఇంట్లో ఎవరైనా రెండు రోజులు పెట్టుకుందామంటే "పక్క ఊరికి పోవడానికి లాడ్జీ ఎందుకు?" అని పెద్దలే కొట్టిపారేస్తారు. ఈ వాదం మూడు నమ్మకాల మీద నిలబడి ఉంది. యాత్రకు పట్టే కాలాన్ని దూరమే నిర్ణయిస్తుందన్నది మొదటిది. విశ్రాంతి భక్తికి లోటు అన్నది రెండోది. మధ్యలో ఖాళీగా వదిలిన గంట వృథా అయిన గంట అన్నది మూడోది. మూడూ తప్పే. మొదటిది లెక్కలో తప్పు కాగా, మిగిలిన రెండూ ఆ తప్పుడు లెక్కను కాపాడడానికి పుట్టిన సమర్థనలు.

దూరాల విషయంలో వివాదం లేదు. విజయనగరం నుంచి నాతవలస మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి శ్రీకాకుళం చేరడానికి సుమారు 70 కిలోమీటర్లు. అరసవల్లి శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకునే ఉంది, అక్కడి నుంచి శ్రీకూర్మం అరగంట దారి. శ్రీకూర్మం నుంచి వెనక్కి వచ్చి, నరసన్నపేట మీదుగా వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం చేరడానికి గంటన్నర పడుతుంది. అక్కడి నుంచి మళ్ళీ జాతీయ రహదారి మీదుగా విజయనగరం దాటి, నెల్లిమర్ల దగ్గరి రామతీర్థానికి రెండున్నర మూడు గంటలు. మొత్తం 270 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. బండి కదిలే కాలం ఆరున్నర, ఏడు గంటలు. పగటికి పన్నెండు గంటలున్నాయి, అందులో ఏడు పోతే అయిదు మిగులుతాయి, నాలుగు గుళ్ళకు గుడికొక గంటకు పైనే వస్తుందన్నది ఒక్క పగటి వాదుల గణితం. పటం చూసి వేసిన ఈ లెక్కలో కూడిక తప్పు లేదు, కూడవలసినవే అందులో లేవు.

లేనివాటిలో మొదటిది మజిలీ కాలం, అంటే బండి ఆగిన క్షణం నుంచి ఆఖరి మనిషి మళ్ళీ ఎక్కి తలుపు వేసుకునే క్షణం దాకా పట్టే మొత్తం కాలం. దీన్ని దర్శన కాలంతో ఒకటిగా చూడడమే ఈ ప్రాంతపు యాత్రా పథకాల్లో కనిపించే మూల దోషం, ఎందుకంటే స్వామి ఎదుట నిలబడేది రెండు నిమిషాలే అయినా ఆ రెండు నిమిషాల చుట్టూ రెండు గంటల పని ఉంటుంది. ఉదాహరణకు తొమ్మిది మంది ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు: డెబ్భై దాటిన తాత, ఆయనకు మధుమేహం, మోకాళ్ళ నొప్పులతో నడిచే నాయనమ్మ, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, పదేళ్ళలోపు పిల్లలు ఇద్దరు, అరసవల్లిలో పుట్టు వెంట్రుకలు తీయించవలసిన పదకొండు నెలల పసివాడు. రద్దీ లేని ఒక బుధవారం నాడు వీరు అరసవల్లి చేరారనుకుంటే, అందరూ దిగి, నాయనమ్మను నడిపించుకుని గుడి ముంగిటికి రావడానికి పది నిమిషాలు. చెప్పులు, సెల్‌ఫోన్లు అప్పగించడానికి మరో పది. మరుగుదొడ్ల దగ్గర పావుగంట. తలనీలాల టికెట్టు తీసుకుని వంతు రావడానికి అరగంట, గుండు చేయించి పసివాడికి స్నానం చేయించి, ఏడుపు మాన్పించి, కొత్త బట్టలు తొడిగి, పాలు పట్టడానికి ఇంకో అరగంట. వరుసలో అరగంట, ప్రసాదాల కౌంటరు దగ్గర పది నిమిషాలు. ఆపైన ఒకరు దొరికితే ఒకరు దొరకని స్థితిలో తొమ్మిది మందీ ఒకచోట చేరడానికి పావుగంట. కూడితే రెండున్నర గంటలు. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు, ఎవరూ దుకాణాల ముందు నిలబడి బేరాలాడలేదు. ఉదయపు ఫలహారాన్ని కూడా ఇక్కడే కలిపితే మూడు గంటలకు పైమాటే.

లేనివాటిలో రెండోది ఇంకా ముఖ్యమైనది. దాన్ని మూత వేళ అనవచ్చు. ఈ ప్రాంతపు పెద్ద ఆలయాలు తెల్లవారినప్పటి నుంచి రాత్రిదాకా ఏకబిగిన తెరిచి ఉండవు. మధ్యాహ్న నివేదన తరువాత తలుపులు వేసి, రెండు మూడు గంటల విరామం తరువాత తిరిగి తెరుస్తారు. ఏ గుడికి ఏ వేళ అన్నది రుతువును బట్టి, పర్వదినాన్ని బట్టి మారుతుంది గనుక బయలుదేరే ముందు రోజు దేవస్థానం కార్యాలయానికి ఫోను చేసి తెలుసుకోవడం తప్ప దగ్గరి దారి లేదు. మూత ఉందని ఒక్క పగటి వాదులకూ తెలుసు. ఆ మూత ఆలస్యాన్ని ఎలా పెంచుతుందో మాత్రం వారు ఆలోచించరు. రోడ్డు మీద పది నిమిషాలు ఆలస్యమైతే పది నిమిషాలే ఆలస్యం. గుడి తలుపు దగ్గర అదే పది నిమిషాలు మూడు గంటలవుతాయి. మూసే వేళ పన్నెండున్నర అనుకుంటే, పన్నెండుం పావుకు చేరినవారు పది నిమిషాల్లో దర్శనమైపోయి బయటికి వస్తారు. పన్నెండు నలభైకి చేరినవారు మూడున్నర దాకా చెట్టు కింద కూర్చుంటారు. ఇద్దరి మధ్య తేడా ఇరవై అయిదు నిమిషాలే.

పైన చెప్పిన కుటుంబాన్ని ఇప్పుడు ఒక్క పగటి పథకంలో నడిపించి చూడవచ్చు. కాగితం మీద వారు ఉదయం 5 గంటలకు బయలుదేరి, 6.30కి అరసవల్లి, 8కి శ్రీకూర్మం, 10.30కి శ్రీముఖలింగం చేరి, నరసన్నపేటలో భోంచేసి, సాయంత్రం 4కి రామతీర్థంలో ఉండాలి. నిజానికి పసివాడి సంచి, తాత మందులు, నాయనమ్మ పూజాసామగ్రి సర్దుకుని తొమ్మిది మంది బండెక్కేసరికి 5.40 అవుతుంది. రహదారి మీద టీకి, మూత్ర విసర్జనకు ఇరవై నిమిషాలు ఆగక తప్పదు. అరసవల్లి చేరేసరికి 7.30. అక్కడ మొక్కు తీర్చి, ఫలహారం ముగించి కదిలేసరికి 10.40. శ్రీకూర్మం 11.15కి చేరి, గంటసేపట్లో హడావిడిగా దర్శనం చేసుకుని 12.15కి బయలుదేరితే, శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడి ముందుకు వచ్చేసరికి 1.45. తలుపులు వేసి ఉంటాయి. ఈ దశలో కుటుంబానికి రెండు దారులు మిగులుతాయి. తెరిచేదాకా ఉంటే రామతీర్థం ఎగిరిపోతుంది, లేదా రాత్రి తొమ్మిది దాకా రోడ్డు మీద ఉండాలి. ఉండకుండా వెళ్ళిపోతే, గంటన్నర ప్రయాణించి చేరిన క్షేత్రాన్ని గోపురం చూసి దండం పెట్టుకుని వదిలేయాలి. ఈ రెండో దారి పట్టినవారు కూడా ఇంటికి వచ్చాక నాలుగు క్షేత్రాలు చూశామనే చెబుతారు, ఆ మాట విని మరో కుటుంబం అదే పథకం వేసుకుంటుంది. ఒక్క పగటి యాత్రకు ఇంత పేరు ఉండడానికి కారణం దాని విజయం కాదు, దాని వైఫల్యాలు లెక్కలోకి రాకపోవడం.

శ్రీముఖలింగాన్ని ఈ పథకంలో చివరి నిమిషపు మజిలీగా చూడడం అన్నిటికంటే పెద్ద అన్యాయం. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం ఇదేనని గిడుగు వేంకట రామమూర్తి శాసనాల ఆధారంతో నిరూపించిన ఊరు ఇది. ఇక్కడ చూడవలసింది ఒక గుడి కాదు, మూడు: మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. ఊళ్ళోకి వస్తుండగానే ఎదురయ్యే సోమేశ్వరాలయం ముఖమండపం లేకుండా ఒక్క శిఖరంతో నిలిచి ఉంటుంది. బండిలోంచి చూసి ముందుకు పోయేవారే ఎక్కువ. మధుకేశ్వరాలయపు ద్వారబంధాల మీది శిల్పం చూడడానికే అరగంట చాలదు. శ్రీకూర్మమూ అటువంటిదే. విష్ణువును కూర్మరూపంలో మూలవిరాట్టుగా కొలిచే ఈ ఆలయంలో స్వామి పడమర ముఖంగా ఉంటాడు, తూర్పున ఒకటి, పడమర ఒకటి రెండు ధ్వజస్తంభాలు నిలబడి ఉంటాయి, చుట్టు మండపపు స్తంభాల మీద శాసనాలు, గోడల మీద పాత చిత్రాలు కనబడతాయి, పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళ దగ్గర నుంచి పిల్లలను కదిలించడం ఎవరితరమూ కాదు. పైగా ఇది పితృకార్యాలు జరిగే క్షేత్రం. ఇంట్లో ఆ పని కూడా పెట్టుకున్నవారికి శ్వేత పుష్కరిణి దగ్గరే ఒక పూట పడుతుంది. గంటలో శ్రీకూర్మం అన్న అంకె ఎవరు ఎక్కడ నుంచి తెచ్చారో తెలియదు.

ఇక మూడో నమ్మకం, ఖాళీ గంట వృథా అన్నది. పథకంలో పని లేకుండా వదిలే కాలాన్ని వెసులుబాటు అంటే, అది ఎంత ఉండాలన్న ప్రశ్న కంటే ఎక్కడ ఉండాలన్న ప్రశ్న పెద్దది. పథకం వేసేవారిలో కాస్త జాగ్రత్తపరులు ప్రతి మజిలీకి పదేసి నిమిషాలు కలుపుతారు. అది పప్పులో ఉప్పు చల్లినట్టు అంతటా సమంగా చల్లే పద్ధతి. చూడడానికి న్యాయంగా ఉన్నా పనికిరాదు. ఆ పది నిమిషాలు ఎక్కడికక్కడ టీలో, ఫొటోల్లో కరిగిపోతాయి, తీరా తలుపు మూసే వేళకు చేతిలో ఏమీ మిగలదు. వెసులుబాటు ఉండవలసింది మూతకు ముందు, రైలుకు ముందు, వేళ నిర్ణయించిన ఆర్జిత సేవకు ముందు, అంటే ఆలస్యమైతే గంటలు నష్టపోయే చోట. తలుపు తెరిచాక వచ్చే మజిలీలకు అది దాదాపు అక్కరలేదు, ఎందుకంటే సాయంత్రం నాలుగుకు చేరవలసిన గుడికి నాలుగున్నరకు చేరితే పోయేది అరగంటే. మూతకు ముందు చేరవలసిన క్షేత్రానికి, దారి గంటన్నర ఉన్నప్పుడు, కనీసం ఒక గంట వెసులుబాటు పెట్టాలి. అంత పెట్టలేకపోతే ఆ క్షేత్రాన్ని ఆ పూట పెట్టకూడదు.

ఈ సూత్రాన్ని పట్టుకుంటే అదే కుటుంబానికి రెండు రోజుల పథకం దానంతటదే తేలుతుంది. మూత వేళను శత్రువుగా చూడకుండా భోజనానికి, నిద్రకు, ప్రయాణానికి వాడుకోవడమే దాని కిటుకు. మొదటి రోజు ఉదయం 7కి విజయనగరంలో బయలుదేరి, 7.30కి రామతీర్థంలో దిగువ ఆలయం దర్శించుకుని, 9.30కి కదలాలి. బోధికొండ మెట్లు ఈ కుటుంబానికి వద్దు. ఓపిక ఉన్న ఇద్దరు ఎక్కుతామంటే మిగిలిన ఏడుగురూ వారి కోసం ఎదురు చూడాలి గనుక ఇద్దరికీ వద్దు. దారిలో ఒకసారి ఆగి, 12 లోపు శ్రీకాకుళం చేరి, భోంచేసి, గదిలో పెద్దలు మూడు గంటలు నడుం వాల్చాలి. 3.45కి బయలుదేరితే శ్రీకూర్మం తెరిచి ఉన్న వేళ చేరి, ఎండ తగ్గుతుండగా రెండు గంటలు నింపాదిగా గడిపి, ఏడింటికి గదికి రావచ్చు. రెండో రోజు వేకువనే అరసవల్లి. మొక్కుకు, దర్శనానికి మూడు గంటలు పట్టినా తొందర లేదు, ఎందుకంటే తరువాతి గుడి సాయంత్రం తెరిచేదాకా ఎక్కడా పరుగెత్తవలసిన పని లేదు. 11.30కి పెందలకడ భోంచేసి, గది ఖాళీ చేసి, ఒకటిన్నర ప్రాంతంలో బయలుదేరితే, మూత వేళ రోడ్డు మీద గడిచిపోయి, మధ్యాహ్నం తెరిచే వేళకు శ్రీముఖలింగం వస్తుంది. దారిలో మడపాం టోల్‌గేటు దగ్గర ఆలస్యమైనా, నరసన్నపేటలో పసివాడికి పాల కోసం ఆగినా నష్టం లేదు. మూడు గుళ్ళూ చూసి 5.30కి కదిలితే రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు. ఒక్క పగటి పథకంలో ఉన్న క్షేత్రాలే ఇందులోనూ ఉన్నాయి, ఒక్కటి కూడా తగ్గలేదు. పెరిగిందల్లా ఒక రాత్రి.

రెండు రోజుల పథకానికీ పరిమితులున్నాయి. మండు వేసవిలో శ్రీముఖలింగం మధ్యాహ్నపు మజిలీ పెద్దలకు కష్టం. అప్పుడు దాన్ని మొదటి క్షేత్రంగా ఉదయానికి మార్చి, ముందు రాత్రే శ్రీకాకుళం చేరాలి. గ్రహణం రోజున ఏ పథకమూ నిలవదు. మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలో ఉదయపు కిరణాలు అరసవల్లి మూలవిరాట్టును తాకే దృశ్యం కోసమే వచ్చేవారైతే, అది కొద్ది నిమిషాల వ్యవహారమనీ, మబ్బు పడితే అదీ లేదనీ తెలుసుకుని, వరుసగా రెండు ఉదయాలు చేతిలో ఉంచుకోవాలి.

విశ్రాంతి భక్తికి లోటన్న రెండో నమ్మకాన్ని ఖండించడానికి వైద్యశాస్త్రం దాకా పోనవసరం లేదు, ఒక స్త్రీ ఉదయం నుంచి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగిందో చూస్తే చాలు. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరుకుతుందో లేదోనన్న భయంతో ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే నీళ్ళు మానేసే స్త్రీలు ఈ యాత్రల్లో ఎందరో. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వరుసలో సొమ్మసిల్లడం వస్తాయి. అది ఎండదెబ్బ ఖాతాలో పడిపోతుంది. కాబట్టి విశ్రాంతి మజిలీని టీ దుకాణం చూసి నిర్ణయించకూడదు. గంటన్నరకొకసారి, వాడదగ్గ మరుగుదొడ్డి ఉన్న చోట, ముందే ఎంచుకుని ఆగాలి. జాతీయ రహదారి మీద పెద్ద పెట్రోలు బంకులు అందుకు పనికొస్తాయి, నరసన్నపేట దాటి లోపలికి వెళ్ళాక అవి అంత సులువుగా దొరకవు. ఎక్కడ ఆగుతారో బయలుదేరేటప్పుడే ఆడవారికి చెప్పగలిగితే, వారు నీళ్ళు తాగుతారు.

తాత సంగతి ఇంకా సున్నితమైనది. దర్శనమయ్యేదాకా ఏమీ ముట్టనని పట్టుబట్టే పెద్దలు ఈ ప్రాంతంలో చాలామంది. చక్కెర తగ్గించే మాత్ర వేసుకుని తిండి ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు, అకారణ చిరాకు దాని గుర్తులు. వరుసలో నిలబడ్డ ముసలాయన చిరాకు పడితే కుటుంబం దాన్ని వయసుకు అంటగడుతుంది. ఆయన ఉపవాసాన్ని గౌరవించదలచుకుంటే, ఆ ఉదయం మాత్ర వేళ గురించి ముందుగా డాక్టరును అడిగి, ఆయన దర్శనాన్ని వేకువకు పెట్టి, జేబులో పంచదారో గ్లూకోజో ఉంచాలి. అంతే కాని ఉదయం 5కి బయలుదేరి 10.40కి ఫలహారం పెట్టే పథకంలో ఆయన్ను కూర్చోబెట్టడం భక్తిని గౌరవించడం కాదు. వట్టి కాళ్ళతో ప్రాకారపు రాతి మీద నడవవలసిన వేళ గురించి కూడా ఇదే మాట. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక ఆ రాయి పెనంలా కాలుతుంది. నీళ్ళు చల్లిన కొబ్బరిపీచు పట్టా వేసినా, అది ఉన్నంత మేరే.

విశ్రాంతి జాబితాలో ఎవరూ చేర్చని మనిషి ఒకరున్నారు. ఆయన డ్రైవరు. కుటుంబం 5కి బయలుదేరాలంటే ఆయన 3.30కి లేవాలి, రాత్రి తొమ్మిదికి దింపి తన ఇంటికి చేరేసరికి పద్దెనిమిది గంటలు గడుస్తాయి, కుటుంబం దర్శనంలో ఉన్న వేళ ఆయన పార్కింగులో ఎండలో బండి కాస్తుంటాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనిని, 5 గంటల పనికి కనీసం అరగంట విరామాన్ని నిర్దేశించింది. ఒంటరి బాడుగ కారుకు ఆ చట్టం నేరుగా వర్తించి ఉండకపోవచ్చు, కాని అందులోని లెక్క డ్రైవరు ఒంటికి వర్తిస్తుంది. లారీలతో నిండిన జాతీయ రహదారి మీద రాత్రిపూట నిద్రమత్తులో ఉన్న డ్రైవరు చేతిలో తొమ్మిది మంది ఉన్నారన్నది ఒక్క పగటి వాదుల గణితంలో ఎక్కడా కనిపించదు.

ఇక్కడ వారు ఆఖరి అస్త్రంగా పూర్వులను తెస్తారు: పూర్వం పథకాలూ బుకింగులూ ఎవరు చేశారు, దేవుడి మీద భారం వేసి బయలుదేరలేదా అని. వేయలేదు. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, తిరుగు ప్రయాణంలో ఈ ఉత్తర తీరం మీదుగానే వచ్చాడు. ఆయన రాసిన కాశీయాత్రచరిత్ర చదివినవారికి అందులో ముందుగా కొట్టొచ్చినట్టు కనిపించేది మజిలీల లెక్క: ఏ ఊరు ఎంత దూరం, దారి ఎటువంటిది, అక్కడ దిగడానికి వసతి ఉందా, నీళ్ళున్నాయా, సరుకులు దొరికే అంగళ్ళున్నాయా. పూర్వులకు పథకం లేదన్న మాట సత్రాలు కట్టిన దేశంలో అనవలసినది కాదు. రోజు నడక ముగిసే చోట సత్రం ఉండేది. అదే వారి బుకింగు, అదే వారి విశ్రాంతి.

బుకింగు అనగానే టికెట్టు కొనడమనుకోవడం కూడా పొరపాటే. ముందు స్థిరపరచవలసింది మొక్కు రోజు, దాని ప్రకారం గది, గది ప్రకారం బండి. రైల్లో వచ్చే బంధువులుంటే వారి టికెట్టు అన్నిటికంటే ముందు. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతోంది గనుక, హైదరాబాదు నుంచి ఆమదాలవలస దగ్గరి శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు వచ్చేవారు రిజర్వేషను తెరిచే రోజునే టికెట్టుకు కూర్చోవాలి. స్టేషను పట్టణానికి పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉందన్న సంగతి కూడా లెక్కలో ఉండాలి. గది విషయంలో అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె కాదు, లిఫ్టు పనిచేస్తుందా అన్నది. బండి విషయంలో కిలోమీటర్ల పరిమితి, డ్రైవరు బత్తా, రాత్రి నిలుపుదల ఎవరిదన్నవి మాట్లాడుకోవాలి. దగ్గరి జ్ఞాతుల్లో పురుడు వచ్చినా, మైల వచ్చినా యాత్ర వాయిదా పడుతుందని తెలుగు కుటుంబాల్లో అందరికీ తెలుసు, ఇంట్లో స్త్రీల నెలసరి తేదీలూ తెలుసు. అయినా రద్దు చేస్తే డబ్బు తిరిగి రాని గదులే చవకగా ఉన్నాయని తీసుకుంటారు. తేదీ ఎంపిక అన్నిటికంటే పెద్ద బుకింగు. ఆదివారం అరసవల్లి, అందులోనూ మాఘమాసపు ఆదివారాలు, రథసప్తమి. కార్తిక సోమవారాల్లో శ్రీముఖలింగం. ఈ రోజుల్లో పైన వేసిన అరగంట వరుస ఎన్ని గంటలవుతుందో చెప్పడం ఎవరి వల్లా కాదు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో వరుస పక్కనున్న గోడ కూలి ఏడుగురు, అదే ఏడాది నవంబరు 1న ఏకాదశి నాడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరాలయంలో తొక్కిసలాట జరిగి కనీసం తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ మరణాల బాధ్యత భక్తులది కాదు, ఏర్పాట్లది. కాని పసిపిల్లలతో, నడవలేని పెద్దలతో వెళ్ళే కుటుంబానికి పర్వదినం తప్ప వేరే రోజు లేదా అన్న ప్రశ్న వేసుకునే హక్కు ఉంది.

ఒక్క పగటి వాదుల అభ్యంతరాల్లో నిజంగా బరువున్నవి రెండు. మొదటిది ఖర్చు. రెండు గదుల అద్దె, రెండో రోజు బండి బాడుగ, రోజు కూలి మీద బతికే ఇంట్లో పోయే రెండో రోజు కూలి, ఇవి తేలిగ్గా తీసేయవలసినవి కావు. దీనికి జవాబు అప్పు చేసి రెండు రోజులు వెళ్ళమని కాదు, ఒక రోజుకు సరిపడే క్షేత్రాలే పెట్టుకోమని. ఒక పగటిలో అరసవల్లి, శ్రీకూర్మం హాయిగా కుదురుతాయి: ఉదయం ఒకటి, మధ్యాహ్నం శ్రీకాకుళంలో భోజనం, విశ్రాంతి, సాయంత్రం రెండోది. మరో ఏడు శ్రీముఖలింగం ఒక్కటే. విజయనగరం వారికి రామతీర్థం ఏ పూటైనా వెళ్ళి రాగలిగిన ఊరు, దాన్ని ఈ జాబితాలోకి లాగడంలో అర్థమే లేదు. మోటారు సైకిల్ మీద వెళ్ళే ఇద్దరు కుర్రవాళ్ళు నాలుగూ ఒక పగటిలో చూస్తామంటే అదీ కాదనవలసిన పని లేదు. వారి మజిలీ కాలం పావుగంట, వారి పథకం తొమ్మిది మంది కుటుంబానికి నమూనా కాదు.

రెండో అభ్యంతరం మనసును తాకేది: అమ్మానాన్నలకు వయసైపోయింది, మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తామో, ఒకేసారి అన్నీ చూపించేద్దామని. ఉద్దేశం మంచిదే. కాని ఒక్క పగటి యాత్రలో మూడో గుడి దగ్గర జరిగేది ఏమిటో ఒకసారి గమనించాలి. నాయనమ్మ కాళ్ళు వాచి ఉంటాయి. "మీరు వెళ్ళి రండర్రా, నేనిక్కడే కూర్చుంటాను" అంటుంది. కోడలు ఒక మాట బతిమాలి, టైం లేదని వెళ్ళిపోతుంది. తిరిగి వచ్చి కుంకుమ ఆమె నుదుట పెట్టి, ప్రసాదం చేతిలో పెడతారు. అన్నీ చూపించడానికే తీసుకొచ్చిన మనిషి రెండు క్షేత్రాలు చూసి, రెండు క్షేత్రాల పార్కింగు స్థలాలు చూసి ఇంటికి వెళుతుంది. ఆమె కోసమే యాత్ర అయితే, పథకం ఆమె మోకాళ్ళ నుంచి మొదలు కావాలి: ఎక్కడ చక్రాల కుర్చీ దొరుకుతుంది, ఎన్ని మెట్లు, ఏ వేళ నేల చల్లగా ఉంటుంది, ఎంతసేపటికొకసారి కాళ్ళు చాపుకోవాలి అన్నవి ముందు రాసుకుని, గుళ్ళ పేర్లు ఆ తరువాత రాసుకోవాలి.